బాగా తినే పిల్లాడు ఎందుకు ఎదగడం లేదు? నులిపురుగుల మందు ఒక్కటే ఎందుకు చాలదు?

ప్రశ్న: మా బాబుకి 26 నెలలు. బరువు 9.8 కిలోలు, ఎత్తు 81 సెంటీమీటర్లు. తిండికి లోటు లేదు. రోజూ గుడ్డు, పప్పన్నం, నెయ్యి, మూడు పూటలా సీసాతో పాలు. కానీ నెలా రెండు నెలలకోసారి విరేచనాలు పట్టుకుంటాయి. నులిపురుగుల మందు రెండుసార్లు వేయించాం. అయినా పక్కింటి పిల్లాడి భుజానికి వస్తున్నాడు. ఇంకా ఎక్కువ పెట్టాలా? మంచి టానిక్ ఏదైనా చెప్తారా?

జవాబు:

టానిక్ వద్దమ్మా. తిండి కూడా ఇప్పుడు పెడుతున్నదానికి రెట్టింపు చేయాల్సిన పని లేదు. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే బాబు తిన్నది ఒంటికి పట్టకుండా పేగుల్లోని ఇన్ఫెక్షన్లు అడ్డుపడుతున్నట్టున్నాయి. మీరు చేయాల్సినవి మూడు: మలం పరీక్ష సరిగ్గా చేయించడం, ఆ సూక్ష్మజీవులు మళ్లీ మళ్లీ నోట్లోకి వెళ్లే దారులు మూయడం, జబ్బు తగ్గిన తర్వాతి రెండు వారాలు తిండి విషయంలో ప్రత్యేకంగా చూసుకోవడం. నేను చాలా ఏళ్లుగా పిల్లల డాక్టరుగా చేస్తున్నాను, వచ్చేవాళ్లలో ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల పిల్లలే. మీ ప్రశ్న నాకు దాదాపు ప్రతి వారం వస్తుంది.

ముందు మీరిచ్చిన అంకెల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం 26 నెలల మగపిల్లాడు సగటున 12.5 కిలోల బరువు, దాదాపు 89 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు. ఎత్తు 82.5 కన్నా తగ్గితే ఎదుగుదల కుంటుపడిందని అంటాం. మీ బాబు ఆ గీతకి కాస్త కింద ఉన్నాడు. కానీ 81 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లాడికి 9.8 కిలోలు మరీ తక్కువేం కాదు. అంటే మీ వాడు బక్కగా లేడు, పొట్టిగా ఉన్నాడు. ఈ తేడా గమనించాలి. ఒక్కసారిగా తిండి తగ్గినా, పెద్ద జబ్బు చేసినా ముందు బరువు పడిపోతుంది. ఎత్తు ఆగిపోయిందంటే చిన్న చిన్న దెబ్బలు చాలా నెలలుగా తగులుతున్నాయని అర్థం. తల్లిదండ్రులిద్దరూ పొట్టివాళ్లైతే అది కూడా లెక్కలోకి వస్తుంది, మీ ఇద్దరి ఎత్తులు మీరు రాయలేదు.

మీ ఇంట్లోనే ఇలా జరుగుతోందని బాధపడకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం అని తేలింది. వీళ్లందరూ తిండి లేని ఇళ్ల పిల్లలు కారు.

తిన్నది ఎక్కడికి పోతోంది?

ఒకసారి విరేచనాలు పట్టుకుంటే ఆ మూడు నాలుగు రోజులు ఆకలి ఉండదు, తిన్నది నిలవదు, జ్వరం ఉంటే ఒంట్లో శక్తి ఖర్చు పెరుగుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిది ఆ తర్వాత జరిగేది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా ఉంటుంది, కొత్త టవల్ మీద పోగులు నిక్కి ఉన్నట్టు. ఆ పోగులే ఆహారాన్ని పీల్చుకుంటాయి. ఇన్ఫెక్షన్ తర్వాత ఇన్ఫెక్షన్ వస్తుంటే అవి అరిగి చదునైపోతాయి. పీల్చుకునే వైశాల్యం తగ్గుతుంది. పేగు గోడలో సందులు పెరిగి, లోపలే ఉండాల్సిన సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి జారతాయి. వాటితో పోరాడటానికి శరీరం ఎప్పుడూ సన్న మంటలో ఉన్నట్టు వాపుతో ఉంటుంది. ఆ వాపు ఉన్నంతకాలం ఎముకలు పొడవు పెరగడానికి కావాల్సిన హార్మోన్ సంకేతాలు బలహీనపడతాయి.

ఈ స్థితికి విరేచనాలు ఉండాల్సిన అవసరం కూడా లేదు. పిల్లాడు ఆడుకుంటుంటాడు, మలం మామూలుగానే కనిపిస్తుంది, లోపల పేగు మాత్రం దెబ్బతిని ఉంటుంది. దీన్ని తేల్చి చెప్పే సులువైన రక్తపరీక్ష గానీ, దీనికి ప్రత్యేకమైన మందు గానీ ఇప్పటికి మా దగ్గర లేవు. అందుకే ఎవరైనా "పేగు బలానికి" అని ఖరీదైన సీసా రాసిస్తే నేను నమ్మను.

నులిపురుగుల మందు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

అల్బెండజోల్ మంచి మందు, వేయించడం మానకండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చేది ఇదే. ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లలకు 200 మిల్లీగ్రాములు, అంటే సగం మాత్ర. రెండేళ్లు దాటితే 400, పూర్తి మాత్ర. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్లలో కలిపే ఇవ్వాలి. ఏడుస్తున్న పిల్లాడి నోట్లో మాత్ర కుక్కితే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

కానీ దాని హద్దులు తెలుసుకోవాలి. ఒక్క మోతాదుతో ఏలికపాములు దాదాపు పూర్తిగా పోతాయి. కొంకి పురుగులు చాలావరకు పోతాయి. కొరడా పురుగు మీద మాత్రం ఒక్క మోతాదు అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద పుట్టించే సన్న తెల్ల పురుగులకైతే రెండు వారాల తర్వాత ఇంకో మోతాదు కావాలి, ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలి. లేకపోతే గోళ్లలో, దుప్పట్లలో ఉన్న గుడ్లతో మళ్లీ మొదలవుతుంది.

ఇక అసలు విషయం. జియార్డియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. పైన చెప్పిన టవల్ పోగులకే అతుక్కుని కూర్చుంటుంది. ఏడాదికి రెండుసార్లు వేసే ఆ ఒక్క మాత్ర దాన్ని చంపదు. పిల్లాడికి వచ్చిపోయే విరేచనాలు, జిడ్డుగా తేలే దుర్వాసన మలం, పొట్ట ఉబ్బరం, తిన్నాక కడుపునొప్పి ఉంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. మీ బాబుకి ఈ లక్షణాలు ఉన్నాయేమో గమనించండి.

ఇంకో మాట. మందు వేసిన మర్నాడు పురుగులు పడలేదు కాబట్టి పనిచేయలేదనుకుని నెల తిరక్కుండానే మళ్లీ వేసేవాళ్లున్నారు. పురుగులు కనిపించకుండా కరిగిపోవచ్చు, అసలు లేకపోయి కూడా ఉండవచ్చు. బెల్లం తింటే పురుగులు పుడతాయని, నిద్రలో పళ్లు కొరికితే పురుగులున్నట్టేనని చెప్పే మాటలు కూడా నిజం కాదు. ఏలికపాము గుడ్డు మట్టిలోంచి నోట్లోకి పోతేనే వస్తుంది. ఆ గుడ్డు మట్టిలో పడ్డాక రెండు నుంచి నాలుగు వారాల్లో అంటుకునే స్థితికి వస్తుంది, తేమగా నీడగా ఉన్న చోట నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా బతికి ఉంటుంది. కాబట్టి ఇవాళ మాత్రతో కడుపు ఖాళీ అయినా, వాకిట్లో మట్టి అదే అయితే కొన్ని నెలల్లో మళ్లీ నిండుతుంది.

ఒక పాప సంగతి

పోయిన ఏడాది నా దగ్గరికి 19 నెలల పాపను తీసుకొచ్చారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి చెప్తున్నాను. బరువు 8.2 కిలోలు, పొడవు 75 సెంటీమీటర్లు. ఇల్లు మరీ లేనిది కాదు, గేదె ఉంది, గుడ్లు ఇంట్లోవే. అంగన్‌వాడీలో ఇచ్చే పొడిని కూడా జావ కాచి పెడుతున్నారు. అప్పటికే మూడు రకాల టానిక్‌లు, ప్రతి విరేచనానికీ ఒక యాంటీబయాటిక్ అయ్యాయి. నాయనమ్మ మాట ఏమిటంటే, "దిష్టి తగిలిందయ్యా, లేకపోతే ఇంత తిన్న పిల్ల ఇట్లా ఉండదు."

మలం పరీక్ష ఒకసారి చేశారు, ఏమీ లేదని వచ్చింది. జియార్డియా ప్రతిరోజూ మలంలో పడదు. అందుకే రోజు విడిచి రోజు మూడు నమూనాలు అడుగుతాం, అవి కూడా తాజాగా ల్యాబ్‌కి చేరాలి. ఈ పాపకి మూడో నమూనాలో కనిపించింది. హిమోగ్లోబిన్ కూడా తక్కువగా ఉంది. జియార్డియాకి బరువును బట్టి మందు రాశాను. దాని పేరూ మోతాదూ ఇక్కడ కావాలని రాయడం లేదు, చూసి మీరే కొనేస్తారని.

మందు అయిపోయాక ఇంట్లో ఎవరు ఏం చేస్తారో ఒక్కొక్కటీ అడిగాను. తాగేది ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు, అది బాగానే ఉంది. కానీ ఆ టిన్నులోంచి బిందెలోకి వంచి, గ్లాసు ముంచి తీస్తారు. ఎవరి చేతులు ముంచుతున్నాయో లెక్క లేదు. పాలసీసా, దాని రబ్బరు పీక కడిగేది మాత్రం తొట్టిలో నిల్వ ఉన్న బోరు నీళ్లతో. పాప వరండాలో పాకుతుంది, అక్కడే కోళ్లు తిరుగుతాయి, వాటి రెట్ట మీదే చేతులు పెడుతుంది, ఆ చేయి నోట్లోకి పోతుంది. పాప మలాన్ని కాగితంతో తీసి ఇంటి పక్క కాలువలో పడేస్తారు. మరుగుదొడ్డి ఉంది, దాన్ని వాడతారు కూడా. కానీ పసిపిల్లల మలం పెద్దవాళ్లది లాంటిది కాదని, అందులో దోషం ఉండదని అనుకుంటారు. అది సరికాదు. చిన్నపిల్లల మలంలోనే రోగాలు పుట్టించేవి ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే వాళ్లకే తరచూ ఇన్ఫెక్షన్లు వస్తాయి.

వీటిలో మార్చగలిగినవే మార్చమన్నాను. సీసా పూర్తిగా ఆపేసి గ్లాసుతో పాలు పట్టడం మొదటిది. రబ్బరు పీకని ఎంత కడిగినా మూలల్లో పాలు ఉండిపోతాయి, సీసా వాడినంతకాలం విరేచనాలు ఆగవని నా అభిప్రాయం. రెండోది, బిందె తీసేసి టిన్నుకే కుళాయి బిగించుకోవడం. మూడోది, పాప మలాన్ని ఎత్తి మరుగుదొడ్డిలోనే వేసి, ఆ వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవడం. నాలుగోది, కోళ్లని వరండాలోకి రాకుండా తడక కట్టి, పాపకి ఒక చాప వేసి అక్కడే ఆడించడం. చివరిదే అన్నిటికన్నా కష్టమైంది. పాకే పిల్లను చాప మీద ఎవరు కూర్చోబెట్టగలరు? వాళ్లు మూడొంతులు చేశారు, అదే చాలా మేలు చేసింది.

ఆ తర్వాతి ఆరు నెలల్లో ఒకసారే, అదీ తేలికగా విరేచనాలు వచ్చాయి. బరువు 9.8 కిలోలైంది. ముందు బరువు కదిలింది, ఎత్తు మొదటి రెండు నెలలు పెద్దగా మారలేదు, తర్వాత మారింది. 25 నెలలకి 80.5 సెంటీమీటర్లు. ఆ వయసు ఆడపిల్లకి గీత 80 దగ్గర ఉంటుంది. అంటే గీతకి కింద నుంచి కాస్త పైకి వచ్చింది, సగటుకి ఇంకా చాలా దూరం. నాయనమ్మ ఇప్పటికీ దిష్టి తీస్తూనే ఉంది, దానికి నాకేం అభ్యంతరం లేదు.

ఇంత చేస్తే తప్పకుండా ఎదుగుతాడా?

ఆ హామీ నేనివ్వలేను. ఈ సంగతి బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో పెద్ద ఎత్తున పరీక్షించారు. వేల కుటుంబాలకు మెరుగైన మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు, నీళ్లలో కలిపే క్లోరిన్ ఇచ్చి పిల్లల ఎత్తు కొలిచారు. 2018, 2019ల్లో ఫలితాలు వచ్చాయి. వాటివల్ల ఎత్తులో తేడా రాలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి, మిగతా రెండు చోట్లా అదీ లేదు. పోషకాహారం అదనంగా ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఎత్తు కొద్దిగా పెరిగింది.

దీన్ని చూసి శుభ్రత వృథా అనుకునేవాళ్లున్నారు. నేను దాన్ని వేరేగా చదువుతాను. మన ఇళ్లలో నోటికి చేరే దారులు చాలా ఉన్నాయి. ఒకటి రెండు మూసినంత మాత్రాన పేగు ఊపిరి పీల్చుకోదు. నీళ్లు శుభ్రమైనా నేల, కోళ్లు, పాలసీసా, పక్కింటి కాలువ అలాగే ఉంటే లాభం తక్కువ. మందు వేసి ఒక ఇన్ఫెక్షన్‌ని తీసేసినా అంతే. క్లోరిన్ మామూలు మోతాదులో జియార్డియాని సరిగ్గా చంపదు, ఏలికపాము గుడ్డునైతే అసలు ఏమీ చేయదు. వాటికి నీళ్లు మరిగించడమే నమ్మదగింది, బుడగలు బాగా లేచాక ఒక్క నిమిషం చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎత్తు కోల్పోవడం చాలావరకు మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది. మీ వాడికి రెండేళ్లు దాటాయి కాబట్టి పోయినదంతా త్వరగా తిరిగి రాదు. ఇక ముందు కోల్పోకుండా చూడటం, కొంత తిరిగి రాబట్టుకోవడం చేయవచ్చు. రెండో పుట్టినరోజు దాటాక ఏడాదికి 8 నుంచి 9 సెంటీమీటర్లు పెరుగుతుంటే నేను సంతృప్తి పడతాను.

తిండి విషయంలో మార్చాల్సింది ఒక్కటే సమయం

"బాగా తింటాడు" అన్న మాటని నేను కాస్త తరచి అడుగుతాను. మూడు పూటలా సీసా పాలు తాగే పిల్లాడికి ఆకలి పాలకే పోతుంది. పాలు రోజుకి అర లీటరు లోపు ఉంచండి, భోజనం తర్వాతే ఇవ్వండి. ఎక్కువ పాలు తాగే పిల్లల్లో రక్తహీనత కూడా సాధారణం.

అన్నిటికన్నా ముఖ్యమైంది విరేచనాల సమయం. మన దగ్గర జబ్బు చేస్తే లంఖణం పెట్టే అలవాటు ఇంకా పోలేదు. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు, పలచని మజ్జిగన్నం తప్ప మూడు రోజులు ఏమీ ఇవ్వరు. నీళ్లు, ఓఆర్ఎస్ ఇవ్వాల్సిందే, కానీ మామూలు తిండి ఆపకూడదు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. దాంతోపాటు జింక్ మాత్ర, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు మూడో రోజు ఆగిపోగానే జింక్ కూడా ఆపేస్తారు. ఆపకండి. అది పేగు పొరను మరమ్మతు చేయడానికి, తర్వాతి కొన్ని నెలల్లో మళ్లీ రాకుండా ఉండటానికి ఇచ్చేది.

తగ్గిన తర్వాత రెండు వారాల పాటు రోజుకి ఒక పూట అదనంగా పెట్టండి. అప్పుడు ఆకలి బాగా ఉంటుంది, పెట్టింది పెట్టినట్టు తింటాడు. గుడ్డు, నెయ్యి వేసిన చిక్కటి పప్పన్నం, వేరుశెనగ పొడి కలిపిన రాగిజావ, ఏదైనా సరే, పలచగా ఉండకూడదు. ఏడాదిలో ఆరేడుసార్లు విరేచనాలు వచ్చే పిల్లాడికి ఆ ఆరేడు రెండు వారాలే పోయిన బరువు తెచ్చుకునే అవకాశం. చాలా ఇళ్లలో ఆ రోజులు మామూలు రోజుల్లాగే గడిచిపోతాయి.

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు

మలంలో రక్తం పడటం, విరేచనాలు 14 రోజులు దాటడం, పాదాలు వాచడం, చేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గడం (అంగన్‌వాడీలో రంగుల పట్టీతో కొలుస్తారు), బరువు పెరగడం పోయి తగ్గడం. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ప్రయత్నాలు వద్దు. రోజుల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఆ విషయం మొదటే చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా పిల్లలు ఎదగకపోవడానికి కారణమవుతుంది, దానికి చిన్న పరీక్ష చాలు. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇన్ఫెక్షన్లు తగ్గి, మూణ్నాలుగు నెలలైనా మార్పు లేకపోతే గోధుమ పడని జబ్బుకి, థైరాయిడ్‌కి రక్తపరీక్షలు అడగవచ్చు. మొదటి రోజే అవన్నీ చేయించి డబ్బు వృథా చేసుకోకండి.

మీకు నా సలహా ఇదీ: ఈ వారంలో మూడు మలం నమూనాలు, ఒక హిమోగ్లోబిన్, ఒక మూత్ర పరీక్ష చేయించి, దగ్గర్లోని పిల్లల డాక్టరుకి చూపించండి. సీసా ఇవాళే ఆపండి. మొదటి రెండు రోజులు గోల చేస్తాడు, తర్వాత గ్లాసుకి అలవాటు పడతాడు. మూడు నెలల తర్వాత ఎత్తు కొలిపించేటప్పుడు చెప్పులు విప్పి, గోడకి నిటారుగా నిలబెట్టి కొలవమనండి. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి కొలుస్తారు, నిలబెట్టి కొలిచేదానికన్నా అది సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఈసారి ఒకలా, వచ్చేసారి ఒకలా కొలిస్తే లేని టెన్షన్ వస్తుంది. ఆ కొలతలు, మలం రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.